నాణెం మీది లాటిన్ నినాదం: విభక్తి పట్టుకుని అర్థం తేల్చడం ఎలా

పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లలో ఏదో ఒక సీసాలో క్వార్టర్లు అనే పావు డాలరు నాణేలు నాలుగు, సెంట్లు పది పడి ఉంటాయి. మా ఇంట్లోనూ ఉండేవి. ఓ వేసవి సెలవుల్లో మా తమ్ముడి కొడుకు ఒక క్వార్టర్ పట్టుకొచ్చి, "పెదనాన్నా, ఈ గద్ద మీద ఏం రాసుంది?" అని అడిగాడు. ఏ ప్లూరిబుస్ ఊనుం. నేను తడుముకోకుండా "భిన్నత్వంలో ఏకత్వం" అని చెప్పేశాను. వాడు నోటుపుస్తకంలో రాసుకుని వెళ్లిపోయాడు. తర్వాత నాణేల పిచ్చి ముదిరి, పాత లాటిన్ వ్యాకరణం ఒకటి సంపాదించి చూస్తే తెలిసింది, నేను చెప్పింది తప్పని. మాట తప్పు కాదు, విభక్తి తప్పు. "నుంచి" అని ఉన్నచోట "లో" అన్నాను.

చాలామంది చేసే తప్పు ఇదే. నిఘంటువు తీసి ఒక్కో మాటకీ అర్థం పెట్టుకుని, వాటిని తమకు తెలిసిన నినాదంలా అతికేస్తారు. నిజానికి లాటిన్ చదవడానికి తెలుగువాడికి ఇంగ్లీషువాడికన్నా ఎక్కువ వీలుంది. డుమువులు ప్రథమా విభక్తి అని బడిలో వల్లె వేసినవాళ్లం కదా. మాట చివర ఏముందో చూసి అర్థం తేల్చుకోవడం మనకు పుట్టుకతో వచ్చిన పని. ఆ పనినే నాణెం మీద ఎలా చేయాలో ఒక్కో మెట్టుగా చెబుతాను.

మొదటి మెట్టు: ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాసుకోవడం

నాణేన్ని తోమకండి. చింతపండు పెట్టి రాగి నాణెం తోమితే తళతళలాడుతుంది, నిజమే. కానీ పైపొరతో పాటు అరిగిన అక్షరాల అంచులు కూడా పోతాయి, కొనేవాడిచ్చే ధరా పడిపోతుంది. దాని బదులు చీకటి గదిలో టార్చిలైటును పక్కనుంచి, నాణేనికి దాదాపు సమాంతరంగా పట్టండి. పైనుంచి చూస్తే కనిపించని అక్షరాలు నీడ పడి లేస్తాయి. ఫోన్ కెమెరాతో ఒక్కో వైపు నుంచి వెలుతురు పెట్టి నాలుగు ఫొటోలు తీస్తే, ఒకదాంట్లో కనపడనిది ఇంకోదాంట్లో కనపడుతుంది.

రాసుకునేటప్పుడు ముందుగా గుర్తుపెట్టుకోవాల్సింది వి అక్షరం గురించి. రోమన్లకు వి, యు అని రెండు అక్షరాలు లేవు, రెంటికీ ఒకే గుర్తు. అందుకే పాత నాణేల మీద జార్జి పేరులో చివరి ఎస్‌కు ముందు వి కనిపిస్తుంది. దాన్ని యు అనుకుని "గెయోర్గియుస్" అని చదవాలి. ఈస్టిండియా కంపెనీ నాణేల మీద గుండె ఆకారపు ముద్రలో నాలుగు అక్షరాలుంటాయి: వి, ఇ, ఐ, సి. కొత్తగా సేకరణ మొదలుపెట్టినవాళ్లు ఆ వి ఏమిటని తల బద్దలు కొట్టుకుంటారు. అది యు. "యునైటెడ్ ఈస్టిండియా కంపెనీ" అన్నమాట. ఐ, జె సంగతీ ఇంతే, పాత రాతలో రెంటికీ ఐ ఒక్కటే.

ఆ తర్వాత చుక్కలు. రెండు చుక్కలు ఒకదాని మీద ఒకటి ఉంటే, ఆ మాటను మధ్యలో కత్తిరించారని అర్థం. ఒకే చుక్క అక్షరాల నడుమ ఎత్తులో ఉంటే సాధారణంగా మాటకీ మాటకీ మధ్య ఎడం. ఈ తేడా రాసుకోకపోతే రెండో మెట్టులో ఇబ్బంది పడతారు.

రోమన్ అక్షరాల్లో ఉన్నదంతా లాటిన్ కాదు. తీరప్రాంతంలో దొరికే డచ్చి రాగి నాణేల మీద వి, ఓ, సి కలిపిన ముద్ర ఉంటుంది. అది డచ్చి భాషలో వాళ్ల కంపెనీ పేరు. డాలరు నోటు వెనక పిరమిడ్ అడుగున ఎం, డి, సి, సి, ఎల్, ఎక్స్, ఎక్స్, వి, ఐ అని ఉంటుంది. అది మాట కాదు, అంకె. వెయ్యి, అయిదొందలు, వంద, వంద, యాభై, పది, పది, అయిదు, ఒకటి. కూడితే 1776.

రెండో మెట్టు: కత్తిరించిన మాటల్ని పూర్తి చేయడం

దీనికి అయిదో జార్జి కాలపు బ్రిటిష్ పెన్నీ మంచి ఉదాహరణ. పాత నాణేల అంగళ్లలో తేలిగ్గా దొరుకుతుంది. రాజు తల చుట్టూ ఉన్నది అక్షరాలా ఇది: గెయోర్గియుస్ 5, దేయీ గ్రా, బ్రిత్త్, ఓమ్న్, రెక్స్, ఫిద్, దెఫ్, ఇంద్, ఇంప్. సగానికి పైగా తెగిన మాటలే.

పూర్తి చేస్తే: దేయీ గ్రాతియా, దేవుడి దయవల్ల. బ్రితన్నియారుం ఓమ్నియుం రెక్స్, బ్రిటన్‌లన్నిటికీ రాజు. ఫిదేయీ దెఫెన్సోర్, మతవిశ్వాసాన్ని కాపాడేవాడు. ఇందియే ఇంపెరాతోర్, ఇండియాకు చక్రవర్తి. బ్రిత్త్ అన్నచోట త రెండుసార్లు ఎందుకుందో చూశారా? చివరి అక్షరాన్ని రెట్టించి కత్తిరిస్తే అది బహువచనం. ఒక్క బ్రిటన్ కాదు, సముద్రాల అవతలివి కూడా కలిపి అని చెప్పడానికి 1902 నుంచి, అంటే ఏడో ఎడ్వర్డ్ నాణేలతో, ఇది వచ్చింది.

ఫిదేయీ దెఫెన్సోర్ వెనక ఒక వింత ఉంది. మార్టిన్ లూథర్‌ను ఖండిస్తూ పుస్తకం రాసినందుకు ఎనిమిదో హెన్రీకి పోప్ పదో లియో 1521లో ఇచ్చిన బిరుదు అది. తర్వాత హెన్రీ పోప్‌తోనే తెగతెంపులు చేసుకున్నాడు, బిరుదు మాత్రం వదల్లేదు. వాళ్ల నాణేల మీద ఇప్పటికీ ఎఫ్, డి అని రెండక్షరాలుగా మిగిలి ఉంది.

మనకు సంబంధించింది చివరి రెండు ముక్కలు, ఇంద్, ఇంప్. అదే రాజు మన రూపాయి మీద "జార్జి 5 కింగ్ ఎంపరర్" అని ఇంగ్లీషులో ఉన్నాడు, లండన్ పెన్నీ మీద మాత్రం లాటిన్‌లో. ఈ రెండు ముక్కలు నాణెం వయసు చెప్పడానికి కూడా పనికొస్తాయి. ఆరో జార్జి 1948 పెన్నీ మీద ఇంద్, ఇంప్ ఉంటాయి, 1949 పెన్నీ మీద ఉండవు. తేదీ అరిగిపోయిన ఆరో జార్జి పెన్నీ దొరికితే ముందు ఆ చోటు వెతకండి.

మూడో మెట్టు: తోకలు చూడటం

అసలు పని ఇక్కడే. లాటిన్‌లో మాటల వరస మనలాగే స్వేచ్ఛగా ఉంటుంది. "రాముడు రావణుణ్ణి చంపాడు" అన్నా, "రావణుణ్ణి చంపాడు రాముడు" అన్నా చచ్చింది రావణుడే. ఆ సంగతి చెప్పేది "ణ్ణి". లాటిన్‌లోనూ ఆ పని మాట తోకదే.

తోకలన్నీ బట్టీ పట్టక్కర్లేదు. నినాదాల్లో పదే పదే వచ్చేవి కొన్నే. ఉస్, ఆ, ఉం అని ముగిస్తే చాలాసార్లు అది ప్రథమ, అంటే కర్త. అం, ఎం అని ముగిస్తే ద్వితీయ, మన "ని, ను". ఇస్, ఏ అని ముగిసేవి తరచు షష్ఠి, "యొక్క". ఓరుం, ఆరుం అంటే బహువచనంలో "ల యొక్క". ఇబుస్ అంటే బహువచనంలో "లకు" గానీ "లతో, ల నుంచి, లలో" గానీ. క్రియ చివర త్ ఉంటే చేసినవాడు ఒకడు, లేదా ఒకతె, లేదా ఒకటి.

ఈ ఇబుస్ మనకు బాగా పాత చుట్టం. ఫ్రాన్సులో 19వ శతాబ్దంలో అందరూ ఎక్కే గుర్రబ్బండికి "ఓమ్నిబుస్" అని పేరు పెట్టారు. "అందరికీ" అని అర్థం. ఇంగ్లీషువాళ్లు ఆ మాట తల నరికేసి తోక ఉంచుకున్నారు. మన ఆర్టీసీ బస్సు అలా వచ్చిందే. అంటే మనం రోజూ ఎక్కి దిగేది ఒక లాటిన్ విభక్తి ప్రత్యయాన్ని.

విశేషణం దాని నామానికి దూరంగా కూర్చోవడం ఇంకో చిక్కు. మద్రాసు విశ్వవిద్యాలయం నినాదం చూడండి: దొక్త్రీనా విం ప్రోమొవెత్ ఇన్సితం. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చేదాకా కోస్తా, రాయలసీమ పిల్లలు ఎక్కువగా డిగ్రీ తెచ్చుకున్నది అక్కణ్ణుంచే. కాబట్టి మీ తాతల పట్టా ఇంట్లో ఉంటే దాని ముద్ర మీద వెతకొచ్చు. దొక్త్రీనా, ఆ తో ముగిసింది, కర్త: చదువు. ప్రోమొవెత్, త్ తో ముగిసింది, క్రియ: ముందుకు నడుపుతుంది. విం, ద్వితీయ: శక్తిని. మరి చివర మిగిలిన ఇన్సితం? అదీ ద్వితీయే. ఒకే విభక్తిలో ఉన్నవి ఒకదాన్నొకటి వెతుక్కుంటాయి. అది విం కి విశేషణం, "లోపల నాటుకుని ఉన్న". చదువు మనిషిలో పుట్టుకతో నాటుకున్న శక్తిని ముందుకు నడుపుతుంది. రోమన్ కవి హొరేస్ పంక్తి ఇది, మధ్యలోంచి "కానీ" అనే చిన్న మాట ఒకటి తీసేసి వాడుకున్నారు.

తోక తప్పితే ఎలా ఉంటుందో ఒక చోట చూశాను. మా వైపు ఒక ప్రైవేటు బడి వాళ్లు కొత్త బోర్డు పెట్టారు, డాలు బొమ్మ, పుస్తకం, దీపం, కింద లాటిన్. "జ్ఞానమే శక్తి" అని ఉద్దేశం. స్కియెంతియా పోతెంతియా ఎస్త్ అనాలి. వాళ్లు రెండు మాటలకీ అం చేర్చి స్కియెంతియం పోతెంతియం ఎస్త్ అని రాయించారు. తెలుగులో చెబితే "జ్ఞానాన్ని శక్తిని అవుతుంది". వినడానికి బాగుంటుందని ఎవరో అం తగిలించినట్టున్నారు. గ్రానైటు మీద చెక్కించారు కాబట్టి దిద్దడానికి లేదు.

నాలుగో మెట్టు: ఏ ప్లూరిబుస్ ఊనుం

ఇప్పుడు మా వాడి క్వార్టర్‌కు వద్దాం. మూడు మాటలు. ఉచ్చారణలో హ్రస్వ దీర్ఘాలు నాణెం మీద కనిపించవు, తెలుగు లిపిలో మాత్రం చూపించవచ్చు: ఏ దీర్ఘం, ప్లూ దీర్ఘం, ఊ దీర్ఘం. అమెరికావాళ్లు "ఈ ప్లూరిబస్ యూనమ్" అంటారు. వాళ్ల పలుకు వాళ్లది.

ఏ అంటే "లోంచి, నుంచి". దీని అసలు రూపం ఎక్స్. తర్వాతి మాట హల్లుతో మొదలైతే ఏ గా మారవచ్చు. ఇది ఉన్నదంటే పక్కనున్న మాట కచ్చితంగా ఒకే విభక్తిలో ఉండాలి. దాన్ని వాళ్లు అబ్లేటివ్ అంటారు. మనకు తృతీయ, పంచమి, సప్తమి అని మూడు వేరువేరు ఉన్నాయి. లాటిన్‌లో ఆ మూడింటి పనీ చాలా వరకు అబ్లేటివ్ ఒక్కటే మోస్తుంది. "తో" అదే, "నుంచి" అదే, "లో" అదే. మూడింట్లో ఏదో తేల్చేది ముందున్న చిన్న మాట. ఏ ఉంటే పంచమి, ఇన్ ఉంటే సప్తమి, కుం ఉంటే "తో".

ప్లూరిబుస్, ఇబుస్ తోక. మూల పదం ప్లూరేస్: ఒకటి కంటే ఎక్కువ, పలు. ఊనుం, ఒకటి. నపుంసకలింగం, ప్రథమ. క్రియ లేదు, మన "అతను డాక్టరు" లో లేనట్టే. ఇంగ్లీషువాడు "అయ్యింది" అని కలుపుకుంటాడు, మనకు ఆ అవసరం లేదు. "పలువాటిలోంచి ఒకటి" అంటే సరిపోతుంది. ఇంకా తేట తెలుగులో "పెక్కింటి నుంచి ఒక్కటి".

"భిన్నత్వంలో ఏకత్వం" ఎందుకు కాదో ఇప్పుడు తెలుస్తుంది. అందులో భిన్నమైనవి భిన్నంగానే ఉండి, వాటి మధ్య పొందిక ఉంటుంది. దానికి దగ్గరైన లాటిన్ నినాదం వేరే ఉంది: ఇన్ వారియెతాతే కొంకోర్దియా, ఐరోపా సమాఖ్యది. ముందు ఇన్ ఉంది, సప్తమి. ఏ ప్లూరిబుస్ ఊనుం లో ఉన్నది కదలిక. ముందు చాలా ఉన్నాయి, వాటిలోంచి ఒకటి బయటికి వచ్చింది.

అయిదో మెట్టు: ఆ మాటలు ఎక్కణ్ణుంచి వచ్చాయో వెతకడం

విభక్తి తేలాక కూడా ఒక ప్రశ్న మిగులుతుంది. ఏవి చాలా, ఏది ఒకటి? అది వ్యాకరణం చెప్పదు. ఎవరు, ఎప్పుడు, ఏ బొమ్మ పక్కన పెట్టారో చూడాలి.

1776 జులై 4న స్వాతంత్ర్య ప్రకటన ఆమోదించిన రోజే, దేశానికో అధికార ముద్ర తయారు చేయమని అమెరికా కాంగ్రెస్ ఫ్రాంక్లిన్, ఆడమ్స్, జెఫర్సన్‌లను కమిటీగా వేసింది. వాళ్లు దు సిమిటియెర్ అనే స్విస్ చిత్రకారుణ్ణి పిలిపించుకున్నారు. ఆయన గీసిన డాలు మీద ఇంగ్లండు, స్కాట్లండు, ఐర్లండు, ఫ్రాన్సు, జర్మనీ, హాలండు, అంటే వలస వచ్చినవాళ్ల ఆరు దేశాల గుర్తులున్నాయి. చుట్టూ పదమూడు రాష్ట్రాల పేర్ల మొదటి అక్షరాలు. కింద ఈ నినాదం. ఆ బొమ్మ కాంగ్రెస్‌కు నచ్చక పక్కన పడింది. ఇంకో రెండు కమిటీలు గడిచాక కాంగ్రెస్ కార్యదర్శి చార్లెస్ థామ్సన్ అన్నిట్లోంచి నచ్చినవి ఏరి కొత్తది కూర్చాడు, 1782 జూన్ 20న అది ఆమోదం పొందింది. ఆయన ఒకప్పుడు లాటిన్ పంతులు. ఆరు దేశాల గుర్తులు పోయి, డాలు మీద పదమూడు నిలువు చారలు వచ్చాయి. చారలు రాష్ట్రాలు, వాటిని కలిపి పట్టిన పై పట్టీ కాంగ్రెస్, నినాదం ఈ కలయిక గురించే అని థామ్సన్ స్వయంగా వివరణ రాశాడు. ఈ రోజు చాలామంది దాన్ని జాతుల కలయికగా చదువుతారు. 1776 బొమ్మకైతే ఆ అర్థం కుదురుతుంది. గద్ద ముక్కున ఉన్న పట్టీకి మాత్రం అసలు అర్థం పదమూడు రాష్ట్రాల నుంచి ఒక దేశం. నినాదంలోని లాటిన్ అక్షరాలు లెక్కపెట్టండి, అవీ పదమూడే: ఒకటి, ఎనిమిది, నాలుగు.

మరి 1776లో వాళ్లకి ఆ మాట ఎక్కడ దొరికింది? ఎక్కువమంది చెప్పేది లండన్ నుంచి వచ్చే జెంటిల్మన్స్ మ్యాగజైన్. 1731లో మొదలైన ఆ పత్రిక చదువుకున్న వలసవాసులకు బాగా తెలుసు. దాని ముఖపత్రం మీద ఒక చెయ్యి పూలగుత్తిని పట్టుకుని ఉంటుంది, పక్కన ఇదే నినాదం. అక్కడ "పలు" అంటే రకరకాల పత్రికల్లోంచి ఏరిన వ్యాసాలు, "ఒకటి" అంటే ఈ సంచిక. ఒక దేశపు ముద్ర మీద మాట మొదట పత్రికల సంకలనం మీద ఉండేదంటే నమ్మబుద్ధి కాదు గానీ, అలా ఉండేది.

ఇంకా వెనక్కి వెళితే రోలు దగ్గరికి చేరతాం. రోమన్ కవి వర్జిల్ పేరు మీద చెలామణి అయిన ఒక చిన్న లాటిన్ కవిత ఉంది, మొరేతుం. ఆయనే రాశాడన్నది మాత్రం అనుమానమే. సిమిలుస్ అనే బీద రైతు తెల్లవారుజామున లేచి, తిరగలి విసిరి, రొట్టె చేసుకుని, నంజుకోవడానికి పచ్చడి నూరుకుంటాడు. వెల్లుల్లి, ఉప్పు, గట్టి జున్ను, కొత్తిమీర లాంటి ఆకులు, ఆలివ్ నూనె, పులుపుకు వినెగరు. రోట్లో రోకలి తిరుగుతుంటే ఒక్కొక్కటీ తన రంగు వదులుకుంటుంది. అక్కడ కవి అంటాడు: కోలోర్ ఎస్త్ ఏ ప్లూరిబుస్ ఊనుస్. రంగు, పలువాటిలోంచి ఒకటి అవుతుంది. కొత్తిమీర పచ్చడి నూరిన ఎవరికైనా ఆ క్షణం తెలుసు, ఆకు పచ్చా, మిరపకాయ పచ్చా, కొబ్బరి తెలుపూ పోయి ఇంకో రంగు తేలే క్షణం.

తోక మళ్లీ చూడండి. కవితలో ఊనుస్, నాణెం మీద ఊనుం. కోలోర్ పుంలింగం, కాబట్టి "ఒకటి" కూడా పుంలింగంలో ఊనుస్. నాణెం మీద రంగు అనే మాట లేదు. దేన్నీ పేరు పెట్టి చెప్పని ఉత్త "ఒకటి" కాబట్టి నపుంసకం, ఊనుం. అందువల్ల నినాదం ఆ కవితలోంచి నేరుగా ఎత్తింది కాదనీ, ఒక పాత పలుకుబడి అక్కడా ఇక్కడా వేరువేరుగా వాడుకలో పడి ఉండొచ్చనీ నాకనిపిస్తుంది. పచ్చడి కథ బాగుంది కదా అని అమెరికా నినాదం పచ్చడిలోంచి వచ్చిందని తేల్చేయకండి.

నాణేల మీదకు ఈ మాట మొదట వచ్చింది న్యూజెర్సీ రాష్ట్రం 1786లో కొట్టించిన రాగి సెంటు మీద. తర్వాత 1873 చట్టం దాన్ని అమెరికా నాణేల మీద తప్పనిసరి చేసింది.

క్రియ ఉన్నప్పుడు: డాలరు నోటు వెనక

ముద్రకు వెనక వైపు కూడా ఉంది, డాలరు నోటు మీద పిరమిడ్, దాని పైన కన్ను. కన్ను మీద "అన్నుయిత్ కోయెప్తిస్", కింద "నోవుస్ ఓర్దో సేక్లోరుం". రెండూ థామ్సన్ పెట్టినవే, రెండూ వర్జిల్ పంక్తులను మార్చి అల్లినవే.

అన్నుయిత్ తోక త్, క్రియ. తల ఊపడం, సరేననడం. కర్త కనపడదు, అవసరం లేదు. మన "తలూపాడు" లో మాట చివరే కర్త ఉన్నట్టు ఇక్కడా ఉంది. కానీ ఈ త్ స్త్రీ పురుష భేదం చెప్పదు. పైగా "ఊపాడు", "ఊపుతున్నాడు" రెంటికీ ఈ రూపమే. కోయెప్తిస్, మొదలుపెట్టిన పనులకు, చతుర్థి. తెలుగులో "పనులకు తలూపడం" అంటాం కదా, లాటిన్ కూడా సరిగ్గా అదే విభక్తి అడుగుతుంది. వర్జిల్ దగ్గర అది ప్రార్థన, అద్నుయే, "తెగువతో మొదలెట్టిన పనులకు తలూపు". థామ్సన్ ఆజ్ఞార్థకాన్ని తీసి జరిగిన పనిగా మార్చాడు. మరి తలూపింది ఎవరు? పైన బొమ్మలో ఉన్న కన్ను. థామ్సన్ వివరణలో అది దైవానుగ్రహం. కాబట్టి "మన ప్రయత్నాలకు దైవం తలూపింది" అంటే అర్థమూ బొమ్మా రెండూ కలిసి వస్తాయి.

నోవుస్ ఓర్దో సేక్లోరుం మీద ఇంటర్నెట్‌లో జరిగినంత రచ్చ ఇంకే నినాదం మీదా జరగలేదు. "కొత్త ప్రపంచ వ్యవస్థ" అని, రహస్య సంఘాలని. తోక చూస్తే గొడవ తీరిపోతుంది. ఓరుం, బహువచన షష్ఠి. సేక్లుం అంటే తరం, యుగం. ప్రపంచం అనే మాట అక్కడ లేదు. "యుగాల కొత్త వరస". వర్జిల్ మూలం "యుగాల మహాక్రమం మళ్లీ మొదటినుంచి పుడుతోంది" అని, స్వర్ణయుగం తిరిగి వస్తుందనే పాత నమ్మకం మీద రాసింది. కృతయుగం మళ్లీ రావడం తెలిసిన మనకు దాన్ని విప్పి చెప్పనక్కర్లేదు. కింద ఉన్న 1776 నుంచి అమెరికా యుగం మొదలు అని థామ్సన్ భావం.

మన నేల మీది లాటిన్: సర్కారుల రాగి నాణెం

చివరగా మీరే చేయడానికి ఒకటి. కంపెనీ వాళ్లు ఉత్తర సర్కారుల కోసం, అంటే శ్రీకాకుళం నుంచి గుంటూరు దాకా ఉన్న మన తీరం కోసం, 1794లోనూ 1797లోనూ ఇంగ్లండులో బర్మింగ్‌హాం దగ్గర బౌల్టన్ టంకశాలలో రాగి నాణేలు కొట్టించి ఓడల్లో పంపారు. రూపాయికి నలభై ఎనిమిది అని దాని మీదే ఇంగ్లీషులో ఉంటుంది. ఒక వైపు సింహాలు డాలు పట్టుకున్న కంపెనీ ముద్ర. దానితో ఉన్న లాటిన్: ఔస్పికియో రేగిస్ ఎత్ సెనాతూస్ ఆంగ్లియే.

రేగిస్, ఇస్ తోక, షష్ఠి: రాజు యొక్క. ఎత్, మరియు. ఆంగ్లియే, షష్ఠి: ఇంగ్లండు యొక్క. సెనాతూస్ దగ్గర జాగ్రత్త. ఉస్ కనిపించగానే ప్రథమ అనుకుంటారు, "సెనేటు" కర్త అనుకుంటారు. ఈ మాట వేరే వర్గానిది, దీనికి ప్రథమలోనూ షష్ఠిలోనూ రాతలో ఒకే రూపం. పలుకులో మాత్రం షష్ఠికి దీర్ఘం ఉంటుంది, నాణెం ఆ దీర్ఘం చూపదు. మరెలా తెలుస్తుంది? "మరియు" అవతల ఇవతల ఉన్నవి ఒకే విభక్తిలో ఉండాలి. రేగిస్ షష్ఠి కాబట్టి సెనాతూస్ కూడా షష్ఠే. క్రియ లేదు కాబట్టి కర్త అక్కర్లేదు. సెనేటు అంటే ఇక్కడ పార్లమెంటు.

మిగిలింది ఔస్పికియో, ఓ తోక, అబ్లేటివ్. ముందు చిన్న మాట ఏదీ లేదు, కాబట్టి తో, లో, వల్ల అనేవాటిలో సందర్భాన్ని బట్టి ఎంచుకోవాలి. నిఘంటువులో "అండ, ఆధ్వర్యం" అని ఉంటుంది. "ఇంగ్లండు రాజు, పార్లమెంటుల అండతో". అర్థం వచ్చేసింది. కానీ ఆ మాటను విప్పితే లోపల అవిస్, పక్షి, స్పెకియో, చూడటం. రోమన్ అధికారి ఏ పని మొదలుపెట్టినా ముందు పక్షులు ఎటు ఎగిరాయో చూసేవాడు. ఎవరి శకునం మీద పని మొదలైందో వాళ్లదే ఆ పని. మన "శకునం" కూడా అంతే, సంస్కృతంలో ఆ మాటకు మొదటి అర్థం పక్షి. దసరా నాడు ఊరి బయటికి వెళ్లి పాలపిట్టను చూసి వచ్చే తెలంగాణ పల్లెలో ఈ లాటిన్ మాటకి అనువాదం వెతకనక్కర్లేదు.

తర్వాతి కంపెనీ నాణేల మీద, 1835 నాటి పావు అణా లాంటి వాటి మీద, ఇదే నినాదం ముక్కలుగా కత్తిరించి ఉంటుంది. "మరియు" స్థానంలో ఇంగ్లీషు కొట్లలో వాడే అండ్ గుర్తు కూడా కనిపిస్తుంది. పట్టీ సన్నగా ఉంటుంది, చివరి అక్షరాలు ముందుగా అరిగిపోతాయి. ఆంగ్లి అని మాత్రమే కనిపిస్తే, అరిగిన చోట ఏ ఉండాలని విభక్తిని బట్టి మీరే పూరించుకోవచ్చు.